గెడ్డలో నిప్పు

డుంబ్రిగుడ సంతకి ఒక పూట నడక దూరంలో ఇరవై గడపల ఊరొకటి ఉంది. ఆ ఊళ్ళో సోంబరు అనే మనిషి ఉన్నాడు. పోడు కొడతాడు. చోళ్ళు, సామలు పండిస్తాడు. జీలుగు చెట్టెక్కి కల్లు దింపుతాడు. ఇంతవరకూ అతనికీ పక్కింటివాడికీ తేడా ఏమీ లేదు. తేడా అతని గుమ్మం పక్కన కాళ్ళు కడుక్కునే కుండలో ఉంది. అందులో ఒక రాయి తేలుతూ ఉంటుంది. బొరియలు బొరియలుగా, బూడిదరంగులో, కొబ్బరికాయంత రాయి.

రాయి తేలడమేమిటని చేయి పెట్టబోతే అతని భార్య సోములమ్మ గదమాయిస్తుంది. "ముట్టకు బాబూ. మడాలు రుద్దుకునే రాయది."

ఆ రాయి సముద్రం దాటి వచ్చింది. దానితో పాటు సోంబరూ, సోములమ్మా, నేనూ కూడా దాటి వచ్చాం. ఈ కథలో ఒక తెలివైనవాడూ ఒక తెలివితక్కువవాడూ ఉన్నారు. ఎవరెవరో వెతుక్కునే శ్రమ పాఠకులకి లేకుండా ముందే చెబుతున్నాను, రెండోవాణ్ణి నేను.

నా సంగతి రెండు ముక్కలు. నలభై ఏళ్ళుగా తిరుగుతున్నాను. కాశీ వెళ్ళాను, రంగూను వెళ్ళాను, పినాంగులో రెండేళ్ళు ఉన్నాను. చాలా పుస్తకాలు చదివాను. అయితే చదివినవన్నీ సగం దాకానే చదివాను, నడిచిన దారులూ అంతే. ఒక ట్రంకు పెట్టె నిండా ఆ సగం చదివిన పుస్తకాలు వేసుకుని దేశాలన్నీ మోశాను. మోశానంటే, మోయించాను. ఆ పెట్టెలో నిప్పుకొండల గురించి ఒక ఇంగ్లీషు పుస్తకం ఉండేది. రంగుల బొమ్మలు, ఎర్రగా పారే రాతినది, ఒడ్డున గొడుగు పట్టుకుని చూస్తున్న దొరసాని. ఆ బొమ్మే నా కొంప ముంచింది.

పంతొమ్మిదివందల ఇరవైమూడులో, ఏజెన్సీలో ఫితూరీ నడుస్తున్న రోజుల్లో, సోంబరుని పోలీసు సామాన్లు మోయడానికి మూడుసార్లు పట్టుకుపోయారు. మూడోసారి తిరిగొచ్చేసరికి పోడు తగలబెట్టే రోజులు దాటిపోయాయి. కొట్టిన చెట్లు కొట్టినట్టే పడి ఉన్నాయి, వాన వచ్చేసింది. కాల్చని పోడులో చోళ్ళు మొలవవు. ఆ ఏడాది తిండి గింజ లేదన్నమాట. సరిగ్గా అప్పుడే విజయనగరం వైపు మేస్త్రీ, వరహాలరావు అనే ఆయన, సంతలో కూలీలని పోగుచేస్తున్నాడు. డచ్చివాళ్ళ దీవిలో కాఫీ తోట, మూడు పూటలా అన్నం. ఇరవై జంటలు కదిలాయి. సోంబరూ సోములమ్మా అందులో ఉన్నారు.

నేను పినాంగులో ఆ గుంపుకి తగిలాను. తోట దొరకి ఇంగ్లీషూ మలాయూ వచ్చు, తెలుగు రాదు. వీళ్ళకి తెలుగూ ఒరియా కలిసిన కొండమాట తప్ప ఏదీ రాదు. మధ్యలో ఒక దుబాసీ కావాలి. "మీలాంటి చదువుకున్నవారుంటే మాకు కొండంత అండ, పంతులుగారూ," అన్నాడు వరహాలరావు. పొగిడితే నేను ఏ ఓడైనా ఎక్కుతాను.

తోట ఒక పెద్ద కొండ భుజమ్మీద ఉంది. శిఖరం మూడు కోసుల దూరంలో కనిపిస్తుంది. ఆ కొండ పేరు నా నోరు ఏనాడూ సరిగా తిరగనిది, కనక ఇక్కడ రాయను. శిఖరం నుంచి తెల్లటి పొగ లేస్తోంది. సోంబరు బండి దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఆ కొండ మీద ఎవులు పోడు కొడతన్నారు బాబూ?"

"అది పోడు కాదోయ్. కొండే కాలుతోంది."

"ఎవులు ముట్టించినారు?"

నా జీవితంలో అంత మంచి ప్రశ్న మళ్ళీ ఎవరూ అడగలేదు. నలభై మందినీ కూర్చోబెట్టి గంటసేపు చెప్పాను. భూమి అడుగున రాయి కరిగి ఉంటుంది, కరిగిన రాయి చుట్టూ ఉన్న గట్టి రాయి కంటే తేలిక, అందుచేత నీళ్ళలో నూనె తేలినట్టు నెమ్మదిగా పైకి వస్తుంది. దానిలో ఆవిరీ, వాయువులూ కలిసిపోయి ఉంటాయి. గోలీసోడా చూశారా, గోలీ నొక్కకముందు సీసాలో బుడగ కనిపించదు, నొక్కగానే బుసబుసమని లేస్తుంది. అలాగే రాయి పైకొచ్చేకొద్దీ మీద బరువు తగ్గి, లోపలి వాయువు బుడగలై, తన్నుకుని వస్తుంది. ఇంతవరకూ నేను చెప్పింది సరైనదే. అక్కడ ఆపి ఉంటే ఈ కథలో నాకూ కొంచెం మర్యాద మిగిలేది.

ఆపలేదు. "అప్పుడు ఎర్రటి రాతినది దిగుతుంది," అన్నాను. "భయపడక్కర్లేదు. ఎడ్లబండి కంటే నెమ్మది. అది దిగడం చూశాక అన్నం వండుకుని తిని, మూటలు కట్టుకుని, తీరిగ్గా నడిచి వెళ్ళొచ్చు. సగం రోజు టైముంటుంది."

గోలీసోడా మాట ఎవరికీ ఎక్కలేదు, వాళ్ళెప్పుడూ తాగలేదు. సగం రోజు మాట మాత్రం అందరికీ ఎక్కింది.

రెండేళ్ళు గడిచాయి. ఇరవైఆరో ఏట వానలు తగ్గాక కొండ నిజంగానే రాతిని కక్కింది. నేను చెప్పినట్టే జరిగింది, అదే నా దురదృష్టం. బొమ్మలో లాగా ఎర్రటి నది మాత్రం కాదు. నల్లటి రాళ్ళ గుట్ట ఒకటి, లోపల ఎర్రగా, గలగలమని రాళ్ళు దొర్లించుకుంటూ, రోజుకి నాలుగు బారల చొప్పున ఏటవాలు మీద జరుగుతోంది. దారిలో ఉన్న ఒక పాకని ఆక్రమించడానికి దానికి రెండు రోజులు పట్టింది. పాకలో ఉన్నవాళ్ళు వాసాలు కూడా ఊడదీసుకుని వెళ్ళిపోయారు. దానికి అడ్డొచ్చినది కాలిపోవలసిందే, పొలమైనా ఇల్లైనా, మళ్ళీ ఆ నేల పనికిరాదు. కాళ్ళున్న మనిషికి మాత్రం దానితో పోటీ లేదు.

మా వాళ్ళందరూ తీర్థానికి వెళ్ళినట్టు చూడ్డానికి వెళ్ళారు. సోములమ్మ పొడుగాటి కర్ర ఒకటి పగుల్లో దూర్చి ముట్టించి, దానితో చుట్ట వెలిగించుకుని, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని అడ్డపొగ లాగింది.

"పంతులుబాబు సెప్పింది నిజిమే. బేగి నడవలేదీ నిప్పు. ముసిలిదానిలాగుంది," అంది.

నేను మీసం సవరించుకున్నాను. ఇప్పుడా మీసం లేదు, ఎందుకు లేదో చెబుతాను.

తోట ఎదురుగా ఎత్తయిన గట్టు మీద సర్కారు ఒక ముసలాయన్ని కాపలా పెట్టింది. ఆ దీవివాడే. దుర్భిణీ ఒకటి, దొలిచిన పెద్ద మొద్దు ఒకటి ఆయన పాకలో ఉండేవి. శిఖరాన్ని చూడటం, ప్రమాదం అనిపిస్తే మొద్దు మీద కర్రతో ఆపకుండా వాయించడం, ఆయన పని అదే. రాతిగుట్ట నడక ఆగిపోయిన నెలకి ఆయన కూలీల పాకలుండే లైన్లకి దిగి వచ్చాడు. శిఖరం మీద పొగ అప్పటికి పల్చబడింది. మేమందరం కొండ శాంతించిందనుకుంటున్నాం.

"పొగ తగ్గింది, అందుకే వచ్చాను," అన్నాడాయన మలాయులో. నేను తెలుగు చేస్తున్నాను. "దిగినది వాయువు పోయిన రాయి. ఇప్పుడు పైకొచ్చేది చాలా చిక్కగా ఉంది, పారడం లేదు. గొట్టం మూతి మీద బుడిపెలా పేరుకుంటోంది. వాయువుకి దారి మూసుకుపోతోంది. ఆ బుడిపె విరిగిందంటే రాయి రాయిగా రాదు, పిండై వస్తుంది. బూడిదా, కాలే గాలీ, రాళ్ళూ కలిసి మబ్బులా దొర్లుతుంది. గాలికంటే బరువు కనక నీళ్ళ లాగే పల్లం వెతుక్కుంటుంది. నేను వాయించినప్పుడు ఏటి లోయలో ఎవరూ ఉండకూడదు. గట్టెక్కండి."

ఇది నేను తెలుగులో చెప్పాలి. చెప్పాను. కానీ ఆయన చెప్పినది నా పుస్తకంలో నేను చదివిన సగంలో లేదు. అందుచేత చివర నా సొంత ముక్క ఒకటి కలిపాను. "ముసలాయన జాగ్రత్త మనిషి. ఏదైనా చూసుకునే వెళ్ళొచ్చు, మన కళ్ళతో మనం చూశాం కదా."

సోములమ్మ పొయ్యి మీద చోడి అంబలి కలుపుతోంది. అంతా విని గరిటె ఎత్తి చూపించింది. "ఇదే కదా ఆయన సెప్పేది. పల్సగుంటే బుడగలు సక్కా పోతాయి, పొంగి కారతాది. సిక్కబడితే బుడగ బయటికి రాలేదు, వొచ్చిందంటే సెయ్యి కాలతాది." అదే క్షణంలో అంబలి ఫట్‌మని చిట్లి ఆమె మణికట్టు మీద పడింది. ముసలాయనకి తర్జుమా అక్కర్లేకపోయింది, ఆ కుండని చూసి తల ఊపాడు.

"జీలుగు కల్లు బుర్రకి మూతి బిగించినట్టు," అన్నాడు సోంబరు నెమ్మదిగా. కల్లు పులిసేటప్పుడు ఆనపబుర్రకి గట్టిగా బిరడా పెడితే ఏమవుతుందో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. నేను గంటసేపు చెప్పి ఎక్కించలేనిది ఇద్దరూ రెండు ముక్కల్లో తేల్చారు. నాకు కొంచెం కోపం కూడా వచ్చిందని ఒప్పుకుంటాను.

సోంబరుకి ఒక్కటి మాత్రం మింగుడు పడలేదు. గట్టెక్కడమేమిటి? పోడుకొండలో నిప్పు పైకి ఎగబాకుతుంది. కింద ముట్టించిన మంట శిఖరానికి పరుగెత్తుతుంది. అందుకని కొండవాళ్ళకి చిన్నప్పటి నుంచీ కాళ్ళకి అలవాటైన దారి ఒకటే, నిప్పు అదుపు తప్పితే గెడ్డలోకి, అంటే కొండవాగులోకి, దూకడం. గెడ్డలో నీళ్ళుంటాయి, మంట మీదకి పోతుంది, మనిషి బతుకుతాడు. గట్టు మీదకి వెళ్ళే సందర్భం ఒకే ఒక్కటి, గెడ్డ ఒడ్డునే ఎవరో నిప్పు పెట్టినప్పుడు. అప్పుడు "గెడ్డలో నిప్పు" అని కేక వేస్తారు. ఆ కేక వినగానే ఎవడూ ఎందుకని అడగడు, చెట్లు లేని రాతిగట్టు మీదికి పక్కగా ఎక్కిపోతారు. ఆ కేక అబద్ధంగా వేసినవాణ్ణి ఊరు వెలేస్తుంది.

మరునాడు ముసలాయన సోంబరుని ఏటి లోయలోకి తీసుకెళ్ళాడు. నేనూ వెళ్ళాను, మోకాళ్ళ నొప్పితో. ఏరు కోసేసిన ఒడ్డులో పాత బూడిద పొరలు కనిపిస్తున్నాయి. ఆ పొరల్లో బొగ్గైన మానులు పడి ఉన్నాయి. ముసలాయన తాతల కాలంలో వచ్చిన మబ్బు అట. సోంబరు వంగి ఒక్కో మానునీ తడిమాడు.

"బాబూ, పోడులో సెట్టు నిలబడి కాలతాది. ఇయి ముందు పడ్డాయి, తరవాత కాలినాయి. తలకాయలన్నీ ఏరు పోయేవేపే ఉన్నాయి, సూడు. పైనుంచి ఏదో తోసినాది. నిప్పు నీళ్ళలాగ కిందకి పారినాది."

"అలాగే ఉంది," అన్నాను. నిజానికి నేను బురదలో ఇరుక్కున్న చెప్పుని లాగుతున్నాను, సరిగా చూడలేదు.

పది రోజుల తర్వాత, పగలు పది గంటలప్పుడు, మొద్దు మోగింది. ఆపకుండా మోగింది.

సోంబరు గట్టు వాలు మీద కాఫీ పళ్ళు కోస్తున్నాడు. సోములమ్మ మరో పదమూడుగురు ఆడవాళ్ళతో కింద ఏటి ఒడ్డున పళ్ళు కడిగే తొట్టెల దగ్గర ఉంది. నేనూ అక్కడే ఉన్నాను. ట్రంకు పెట్టె పక్కన పెట్టుకుని, చెట్టు నీడలో ఒక పుస్తకం మొదటి సగం చదువుతున్నాను. వరహాలరావు తొట్టె గట్టు మీద కూర్చుని ఆడవాళ్ళని తొందరపెడుతున్నాడు.

శిఖరం వైపు చూస్తే సన్నటి బూడిద తెర, అక్కడక్కడ దొర్లే రాళ్ళు. ఎర్రటి నది లేదు.

"ఏమంటారు పంతులుగారూ?" అన్నాడు వరహాలరావు.

"టైముంది," అన్నాను.

ఇంతలో వాలు మీద కోస్తున్న కొండవాళ్ళందరూ మొద్దు మోత విని కాళ్ళకి అలవాటైన దారే పట్టారు. గెడ్డలోకి. మా వైపే జారుకుంటూ దిగుతున్నారు, ఇరవై అయిదు మంది. పైనున్నవాళ్ళు కిందికి వస్తుంటే కింద ఉన్నవాళ్ళు పైకి ఎందుకు వెళతారు? ఆడవాళ్ళు బుట్టలు దించి, దిగేవాళ్ళ కోసం నీళ్ళలో చోటిచ్చి నిలబడ్డారు.

సోంబరు ఒక్కడూ వాలు మధ్యలో ఆగిపోయాడు. అతని కాళ్ళు కూడా గెడ్డ వైపే లాగి ఉంటాయి, అతని భార్య కూడా అక్కడే ఉంది. ముసలాయన మాట అరిచి చెబితే ఒక్కడూ వినడు. విన్నా, ఎందుకని అడిగి, నా వైపు తిరిగి చూస్తారు. నేను టైముందంటాను. ఇదంతా అతను ఆలోచించాడని తర్వాత నాకు చెప్పాడు. నా పేరు చెప్పేటప్పుడు కొంచెం మొహమాటపడ్డాడు.

అప్పుడు అతను చేతులు నోటికి అడ్డం పెట్టుకుని, ఊరు వెలేసే అబద్ధం ఆడాడు.

"గెడ్డలో నిప్పు! గెడ్డలో నిప్పో!"

నేను పుస్తకం మూసేంతలో ఏటి ఒడ్డు ఖాళీ అయిపోయింది. దిగుతున్నవాళ్ళు తాడు పట్టి లాగినట్టు వెనక్కి తిరిగారు. ఆడవాళ్ళు బుట్టలు పారేసి పక్క గట్టు ఎక్కడం మొదలుపెట్టారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు.

నేను మాత్రం అడిగాను. "ఏ గెడ్డలో? నీళ్ళే కదా ఉన్నాయి," అన్నాను, మోకాలి లోతు నీళ్ళు చూపిస్తూ. చదువుకున్నవాణ్ణి కదా, కళ్ళతో చూడనిది నమ్మను.

సోములమ్మ నాలుగు అడుగులు ఎక్కినది వెనక్కి దిగి వచ్చింది. నా ఉత్తరీయం మెడ దగ్గర పట్టుకుంది.

"ఎక్కు బాబూ."

"పెట్టె..."

"పెట్టి కాలితే పెట్టి కాలతాది. నువ్వు కాలితే మాటలు తిప్పీవోడు లేడు. ఎక్కు."

దున్నపోతుని లాగినట్టు లాక్కుపోయింది. సగం దారిలో సోంబరు ఎదురొచ్చి రెండో రెక్క పట్టుకున్నాడు. వరహాలరావు కోటు తెచ్చుకోవడానికి ఆగి, అందరికన్నా వెనక వస్తున్నాడు.

గట్టు తలకి చేరి తిరిగి చూసేసరికి శిఖరం మీది బుడిపె ఒక పక్కకి ఒరిగి విరిగింది. చప్పుడు పెద్దగా వినిపించలేదు, అదే ఇప్పటికీ నాకు కలలో వచ్చే సంగతి. విప్పిన దూదిబేళ్ళ లాంటి బూడిదమబ్బు ఒకటి, మడతలు మడతలుగా, నేలని అంటుకుని, ఏటి లోయ మలుపులన్నీ తెలిసినదానిలా దిగింది. మూడు కోసుల దూరం. ఒక ఆకు చిలక చుట్టుకుని నమిలేంతలో మా కాళ్ళ కింది లోయ నిండిపోయింది. ఏ గుర్రమూ, ఏ రైలుబండీ దానితో పోటీ పడలేదు. తొట్టెలు, చెట్లు, నా నీడ, నా పెట్టె, అన్నిటి మీదుగా వెళ్ళిపోయింది. బరువైనదంతా పల్లంలోనే పోయింది. దాని అంచు మాత్రం సెగలా గట్టు మీదికి లేచి, మమ్మల్ని ఒక్కసారి ఊది, తగ్గిపోయింది. నా మీసమూ కనుబొమలూ అక్కడే పోయాయి. పది బారలు కింద ఉన్న వరహాలరావుకి కాలి పిక్క కాలింది. పదిహేను బారలు కింద ఉంటే ఏమయ్యేదో ఆయనకి నేను ఎప్పుడూ లెక్క కట్టి చెప్పలేదు.

ఆ తర్వాత పగలే చీకటైంది. బూడిద కురవడం మొదలైంది. ఇది కాల్చే బూడిద కాదు, ఊపిరి ఆడనివ్వని బూడిద. సోంబరు తలగుడ్డ నీటికుండలో ముంచి అందరి ముక్కులకీ తడిగుడ్డలు కట్టించాడు. గట్టు మీదున్న కాఫీ గోదాములో దూరాం. అంతా అయిపోయిందనుకుని నేను చతికిలపడ్డాను. సోంబరు కూర్చోలేదు. పైకప్పు వాసాలు కిర్రుమంటున్నాయి.

"బూడిద తేలికేటి బాబూ?" అని అడిగాడు.

"పొయ్యిలో బూడిదే కదా. తేలికే," అన్నాను.

అతను గుప్పెడు తెచ్చి నా అరచేతిలో పోశాడు. అది బూడిద కాదు, దంచిన రాయి. ఇసకంత బరువు. వాన పడితే ఇంకా బరువు. నలుగురు మగవాళ్ళు కాఫీ గింజలు ఆరబోసి నెరిపే చెక్క గుంటకలు పట్టుకుని పైకెక్కి సాయంత్రం దాకా కప్పు తోస్తూనే ఉన్నారు. కింద లైన్లలో తోసేవాళ్ళు లేని పాకలు బరువుకి కుంగి కూలిపోయాయి. అందులో మనుషులెవరూ లేరు, అందరూ గట్టు మీద ఉన్నారు.

ఆ రోజు నలభై మందిలో ఒక్కరూ పోలేదు. మూడు రోజుల తర్వాత వాన పడి, ఆ బూడిదంతా బురదై ఏటి వెంట ముంచుకొచ్చింది. అప్పటికి లోయలోకి దిగమని ఎవరిని బతిమాలినా దిగే స్థితిలో లేరు. నేను కూడా.

ఇరవైఎనిమిదిలో తిరిగొచ్చాం. బయలుదేరేముందు సోములమ్మ ఏటి ఒడ్డున ఆ తేలే రాయి ఏరుకుంది. అది మబ్బులో వచ్చిన రాయే. వాయువు బుడగలు కట్టి, ఆ బుడగలతోనే గడ్డకట్టింది. ఈ సంగతి ఆమెకి వివరించబోతే, "తెలుసు బాబూ, మాడిన అంబలి సెక్కు," అంది.

ఇక్కడ ఊళ్ళో ఎవరూ వాళ్ళ మాట నమ్మలేదు. మిగిలిన జంటలు దూరపు ఊళ్ళవాళ్ళు. నీళ్ళలా కిందికి పారే నిప్పేమిటని నవ్వుతారు. పైగా సోంబరు తానే అబద్ధపు కేక వేశానని ఒప్పుకున్నాడు. పంచాయితీ కూర్చుని వెలి వెయ్యలేదు గానీ, ఎవడైనా కోతలు కోస్తే ఇప్పుడా ఊళ్ళో "గెడ్డలో నిప్పా?" అంటారు. సోంబరు విని తన పని చూసుకుంటాడు. కిందటి చైత్రంలో పోడు తగలబెట్టేటప్పుడు మాత్రం పెద్దలు అతన్ని కేక వేసే పని నుంచి తప్పించారు. ఆ ఒక్కటీ అతనికి నొప్పిగా ఉంది. అందుకే నాకు కబురు పెట్టాడు, చదువుకున్నవాడు వచ్చి చెబితే నమ్ముతారని.

నిన్న వాళ్ళింటి ముందు ఊరంతా కూడింది. "సెప్పండి పంతులుబాబూ," అన్నారు పెద్దలు. లేచి నిలబడ్డాను. ఎవరి మాట విని ఉంటే ఆ నలభై మందీ గెడ్డలోనే నిలబడి ఉండేవారో ముందు అది చెప్పాను. టైముందన్నది నేనని చెప్పాను. పెద్దలు చాలాసేపు నా మొహం చూశారు, కనుబొమల దగ్గర ఎక్కువసేపు. అవి సరిగా మళ్ళీ రాలేదు.

"అయితే అబద్దం ఆడింది ఈయనన్నమాట," అన్నాడొక పెద్దాయన.

"అవును," అన్నాను.

"వొచ్చే పోడుకి కేక సోంబరే ఏస్తాడు," అన్నాడాయన. అందరూ లేచిపోయారు. నిప్పుకొండ ఎందుకు పేలుతుందో నేను తయారుచేసుకొచ్చిన గంట ఉపన్యాసం ఎవరికీ అక్కర్లేకపోయింది.

సోంబరు కల్లుబుర్ర దింపి, బిరడా వదులు చేసి నా పక్కన పెట్టాడు. నేను పొయ్యి దగ్గరికి జరిగి సోములమ్మ కుండలోకి తొంగి చూశాను.

"దూరంగా కూసో పంతులుబాబూ," అంది ఆమె గరిటె తిప్పుతూ. "సిక్కబడతంది."